ముక్క మునిగితేనే పులుపు

ఆవకాయ పెట్టడం తెలిసిన చేతికి ఉప్పు సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. సోలతోనో గిన్నెతోనో కొలిచి కలిపి, మూడోనాడు తిరగేసేటప్పుడు రుచి చూసి, తక్కువైతే మరికాస్త వేస్తారు. కాస్త ఎక్కువ పడినా కొంప మునగదు. కానీ అదే చేయి క్యాబేజీ, క్యారెట్ ముక్కల్ని ఉప్పునీటిలో పులియబెట్టడానికి దిగితే తడబడుతుంది. ఉప్పు ఎక్కువైతే వారమైనా పులుపు రాదు. తక్కువైతే ముక్క మెత్తబడి, సీసా తెరవగానే కుళ్లు వాసన కొడుతుంది.

రెండు చోట్లా ఉప్పు చేసే పని వేరు కావడమే దీనికి కారణం. మామిడికాయ తన పులుపు తాను తెచ్చుకుంటుంది. దానికి తోడైన ఉప్పు, కారం, ఆవపిండి, నూనె అన్నీ కలిసి సూక్ష్మజీవులను అణిచిపెట్టడానికే పనికొస్తాయి. క్యాబేజీకి సొంత పులుపు లేదు. అందులోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లంగా మార్చే బ్యాక్టీరియాయే దానికి పులుపు తేవాలి. అంటే ఇక్కడి ఉప్పు ఒక రకం సూక్ష్మజీవులను బతకనివ్వాలి, కుళ్లబెట్టే రకాన్ని ఎదగనివ్వకూడదు. ఆ పని చేసే మోతాదు నూటికి రెండు నుంచి మూడు పాళ్లు. దీన్ని చేతి అంచనాకు వదిలేస్తే లాభం లేదు. వంటింట్లో గ్రాములు చూపే చిన్న తూకం ఉండాల్సిందే.

క్యాబేజీ ఒక్కదాన్నే ఉప్పుతో పులియబెట్టి జర్మన్లు సావర్‌క్రౌట్ చేస్తారు. దానికి క్యారెట్‌ను తోడు చేసింది రష్యా, ఉక్రెయిన్‌ల వంటిళ్లు. అక్కడ శరదృతువులో క్యాబేజీ కోతకు రాగానే సన్నగా తరిగి, క్యారెట్ తురుము కలిపి, పెద్ద పీపాల్లోనో గాజు సీసాల్లోనో నింపి చలికాలమంతా వాడుకుంటారు. ష్చీ అనే క్యాబేజీ చారుకు పులుపు దీని నుంచే వస్తుంది. వైద్యవిద్య కోసం ఆ దేశాలకు వెళ్లిన తెలుగు విద్యార్థులకు కూడా ఈ రుచి కొత్త కాదు. క్యారెట్ చేరడం వల్ల రంగు వస్తుంది, కాస్త తీపి తగులుతుంది. అంతకుమించి, బ్యాక్టీరియాకు క్యాబేజీలో కన్నా ఎక్కువ చక్కెర దొరుకుతుంది. అలాగని క్యారెట్ మరీ ఎక్కువ వేస్తే చిక్కే. మూడొంతులు క్యాబేజీ, ఒక వంతు క్యారెట్ అన్నది సుఖంగా నడిచే పాళ్లు.

ఒక సీసా లెక్క

రెండు లీటర్ల గాజు సీసా ఒకటి తీసుకుందాం. జాడీ కూడా పనికొస్తుంది కానీ, మొదటిసారి చేసేవారికి గాజే మంచిది. లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడాలి.

గట్టిగా, బరువుగా ఉన్న క్యాబేజీని ఎంచుకోవాలి. పైనున్న వాడిన ఆకులు తీసేసి, ఆ తర్వాత వచ్చే మంచి ఆకు ఒకటి చెక్కుచెదరకుండా పక్కన పెట్టాలి. దాని పని తర్వాత ఉంది. మిగిలినదాన్ని చల్లటి నీళ్లతో కడిగి, నడిమి కాడ తీసేసి, వేలెడు పొడవు ముక్కలుగా సన్నగా తరగాలి. ఇలా తరిగిన క్యాబేజీ 650 గ్రాములు, చెక్కు తీసి పుల్లల్లా కోసిన క్యారెట్ 250 గ్రాములు ఉందనుకుందాం. వేడినీళ్లలో ముంచడం, ఎండలో ఆరబెట్టడం లాంటివి వద్దు. పులియబెట్టే బ్యాక్టీరియా బయటి నుంచి రాదు, ఆకుల మీదే ఉంటుంది. వేడికి అది పోతే ఇక పులిసేది లేదు.

ఖాళీ సీసాను తూకం మీద పెట్టి అంకెను సున్నాకు తేవాలి. ముక్కలన్నీ నింపి గట్టిగా అదిమి, అవి మునిగేదాకా మంచినీళ్లు పోయాలి. ఇప్పుడు తూకం 1500 గ్రాములు చూపిందంటే ముక్కలు 900, నీళ్లు 600. చలికాలమైతే ఈ మొత్తం మీద నూటికి రెండున్నర పాళ్ల ఉప్పు చాలు. అంటే 37 లేదా 38 గ్రాములు. నీళ్లను మాత్రం వేరే గిన్నెలోకి ఒంపి, ఆ ఉప్పు పూర్తిగా కరిగేదాకా కలిపి, తిరిగి సీసాలో పోయాలి.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. రెండున్నర శాతం ఉప్పునీళ్లు అని ఎక్కడో చదివి, 600 గ్రాముల నీళ్లకు మాత్రమే లెక్క కట్టి 15 గ్రాముల ఉప్పు వేస్తారు. కానీ ముక్కల్లోనూ చాలావరకు ఉన్నది నీరే. ఒకటి రెండు రోజుల్లో ఉప్పు ఆ ముక్కల్లోకి కూడా వెళ్లి అంతటా సమానంగా సర్దుకుంటుంది. అప్పుడు 15 గ్రాములు 1500 గ్రాములకు పంచుకోవాలి. అంటే నూటికి ఒక పాలు. ముక్క మెత్తబడటానికీ చెడు వాసనకూ అది దారి తీస్తుంది. అందుకే లెక్క ఎప్పుడూ ముక్కలూ నీళ్లూ కలిపిన బరువు మీదే కట్టాలి.

సరిగ్గా లెక్క కట్టినవారికి ఇంకో భయం పట్టుకుంటుంది. ఉప్పు కలిపిన నీళ్లను నాలుక మీద వేసుకుంటే సముద్రపు నీటికన్నా ఉప్పగా ఉంటాయి. 38 గ్రాముల ఉప్పూ ఇంకా ఆ 600 గ్రాముల నీళ్లలోనే ఉంది కాబట్టి అలా ఉండటమే సరైనది. కంగారుపడి నీళ్లు కలపకూడదు. మూడోనాడు రుచి చూస్తే ఆ ఉప్పదనం తగ్గి ఉంటుంది.

చెంచాలతో కొలిస్తే ఎందుకు కుదరదని అడిగేవారుంటారు. గళ్ల ఉప్పు చెంచాడు తూచి చూస్తే మెత్తటి ఉప్పు చెంచాడు కన్నా తేలిక. గళ్ల మధ్య ఖాళీలుంటాయి కదా. ఏ ఉప్పైనా గ్రాముల్లో తూచితే ఈ తేడా రాదు. అయోడిన్ ఉన్న ఉప్పు వేస్తే పులవదన్న మాట తరచూ వినిపిస్తుంది కానీ, ఇంట్లో వాడే ఆ ఉప్పుతోనూ చక్కగానే పులుస్తుంది. కొన్ని రకాల్లో ఉప్పు గడ్డ కట్టకుండా కలిపే పదార్థం వల్ల నీరు కాస్త మసకబారుతుంది, అంతే. నీళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన వస్తుంటే కాచి, పూర్తిగా చల్లార్చి వాడాలి.

రాయిని కూడా పరీక్షించాలి

ముక్కలు నీటిలో ఊరికే మునిగి ఉండవు. రెండోనాటికి బ్యాక్టీరియా పని మొదలై కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఆ బుడగలు ముక్కల మధ్య చిక్కుకుని మొత్తాన్నీ పైకి తేలుస్తాయి. లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియాకు గాలితో పనిలేదు. బూజుకు గాలి కావాలి. నీటి పైకి తేలిన ఒక్క క్యారెట్ పుల్ల చాలు, బూజు దాని మీదే మొదలవుతుంది. ఇంట్లో చేసిన సీసాలు చెడిపోయాయంటే చాలాసార్లు మూలం ఇలా తేలిన ముక్కలోనే దొరుకుతుంది.

పక్కన పెట్టిన క్యాబేజీ ఆకు ఇప్పుడు పనికొస్తుంది. దాన్ని ముక్కల మీద దుప్పటిలా పరిచి అంచులు సీసా గోడల వెంబడి కిందికి దోపాలి. చిన్న ముక్కలు పక్కల నుంచి తప్పించుకుని తేలకుండా అది ఆపుతుంది. దాని మీద బరువు పెట్టాలి. సీసా మూతిలో పట్టే చిన్న గాజు గ్లాసు నీళ్లతో నింపి పెట్టొచ్చు. ఆహారానికి వాడే దళసరి ప్లాస్టిక్ సంచిలో ఉప్పునీళ్లు పోసి మూతి బిగించి పెడితే, అది సీసా ఆకారానికి సర్దుకుని ఒక్క ముక్కనూ పైకి రానివ్వదు. సంచిలో మామూలు నీళ్లు కాకుండా అదే పాళ్ల ఉప్పునీళ్లు ఎందుకంటే, ఎక్కడైనా కారినా సీసాలోని ఉప్పు పలచబడదు. బరువు పెట్టాక ముక్కల పైన కనీసం రెండు వేళ్ల మందం నీరు నిలవాలి. నిలవకపోతే లీటరు నీళ్లకు 25 గ్రాముల లెక్కన ఉప్పు కరిగించి పోసుకోవచ్చు.

రాయి పెట్టాలనుకుంటే, అది ఏ రాయో తెలుసుకుని పెట్టాలి. ఇళ్లలో గచ్చుకు వేసే తాండూరు బండలు, షాబాద్ బండలు, కడప బండలు సున్నపురాతి జాతివి. పుల్లటి ఊటలో పడితే సున్నపురాయి కొద్దికొద్దిగా కరుగుతుంది, సీసాలో పుట్టిన ఆమ్లాన్ని విరిచేస్తుంది. ఏ పులుపు తన బలంతో ముక్కల్ని కాపాడాలో ఆ పులుపే తగ్గిపోతుంది. నునుపైన గ్రానైట్ గుండ్రాయికి ఈ గొడవ లేదు. తేడా తెలియాలంటే రాయి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడాలి. బుడగలు పొంగితే అది సున్నపురాయి. పొంగని రాయిని శుభ్రంగా తోమి, పావుగంట నీళ్లలో మరిగించి చల్లారాక వాడాలి. ఉప్పూ పులుపూ కలిసిన చోట ఇనుము, ఇత్తడి, అల్యూమినియం ఏవీ పెట్టకూడదు.

నూనె పోయాలా అన్న ప్రశ్న తెలుగిళ్లలో తప్పకుండా వస్తుంది. అక్కర్లేదు. గాలి తగలకుండా చూసే పని ఇక్కడ ఉప్పునీరే చేస్తుంది. పైన నూనె ఉంటే నీటి మీద ఏం తెట్టు కట్టిందో చూడటం, తీసేయడం రెండూ కష్టమవుతాయి.

సీసాను మెడదాకా నింపకుండా పైన మూడు నాలుగు వేళ్ల ఖాళీ వదలాలి. మూత వదులుగా పెట్టాలి. బిగిస్తే లోపలి వాయువు పోయే దారిలేక గాజు పగలొచ్చు. కింద ఒక పళ్లెం పెడితే పొంగి కారిన ఊట గట్టు మీద పడదు.

పులుస్తున్న సీసాను చదవడం

మొదటిరోజు ఏమీ జరగనట్టే ఉంటుంది. నీరు తేటగా, ముక్కలు పచ్చిగా ఉంటాయి. రెండోరోజో మూడోరోజో సీసాను చిన్నగా తడితే సన్నటి బుడగలు గోడల వెంట పైకి పాకుతాయి. నీటిమీద తెల్లటి నురుగు కడుతుంది. నీరు మసకబారుతుంది. కొత్తగా చేసేవారు నీరు మసకబారగానే చెడిపోయిందనుకుని పారబోస్తారు. నిజానికి అది శుభసూచన. కోట్లకొద్దీ పెరిగిన బ్యాక్టీరియాయే ఆ మసక. కొన్నాళ్లకు అదే అడుగున తెల్లటి పిండిలా పేరుకుంటుంది.

ఈ తొలి రోజుల పని ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బ్యాక్టీరియాది. ఇడ్లీ పిండిని పొంగించేవాటిలో ముఖ్యమైనది కూడా ఇదే. పిండి గిన్నె అంచులు దాటడం, సీసా ఊట పళ్లెంలోకి కారడం చాలావరకు ఈ జీవి వదిలే వాయువు వల్లే. కానీ పులుపు కొంత ముదిరేసరికి దాని బలం తగ్గుతుంది. దాని స్థానంలో ఎక్కువ పులుపును తట్టుకునే లాక్టోబాసిల్లస్ రకాలు వస్తాయి. చివరికి మిగిలేది ప్లాంటారమ్ రకం. ఒకదాని తర్వాత ఒకటిగా జరిగే ఈ మార్పును 1930ల్లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, జెనీవా పట్టణ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కార్ల్ పెడర్సన్ వివరంగా పరిశీలించారు. ఇంటి సీసాలో ఇది కంటికి కూడా తెలుస్తుంది. మొదట బుడగలు ఉధృతంగా వచ్చి, వారం తిరిగేసరికి తగ్గిపోతాయి. బుడగలు తగ్గాయంటే పులియడం ఆగిందని కాదు. అసలు పులుపు ముదిరేది అప్పుడే.

వాసన మరో గుర్తు. మూడు నాలుగు రోజులప్పుడు ఉడికించిన క్యాబేజీ లాంటి గంధకపు ఘాటు వస్తే బెదరక్కర్లేదు, అది క్యాబేజీ నైజం. దాని వెనకే శుభ్రమైన పుల్లటి వాసన తేలి రావాలి. రంగు కూడా మారుతుంది. పచ్చదనం పోయి క్యాబేజీ లేత పసుపులోకి, కాస్త పారదర్శకంగా మారుతుంది. క్యారెట్ తన రంగు నిలుపుకుంటుంది. కొరికితే కరకరలాడాలి.

నమ్మకం కుదరనివారు పీహెచ్ పట్టీ ముంచి చూసుకోవచ్చు. బొటులిజం కలిగించే బ్యాక్టీరియా 4.6 కన్నా తక్కువ పీహెచ్‌లో పెరగలేదు. సరైన ఉప్పుతో, మామూలు చలికాలపు గదిలో సీసా కొద్దిరోజుల్లోనే ఆ గీత దాటి కిందికి వస్తుంది. 4 దాటి ఇంకా దిగితే నిశ్చింత. బాగా ముదిరిన సావర్‌క్రౌట్‌లో అది మూడున్నర దగ్గర ఉంటుంది. వారమైనా బుడగలు, పులుపు, మసక ఏవీ కనబడకపోతే ఉప్పు లెక్క తప్పిందో, ముక్కలకు వేడి తగిలిందో అనుకోవాలి. అలాంటిదాన్ని తినకూడదు.

నీటి మీద పలచని తెల్లటి తెర ముడతలు పడినట్టు కడితే అది ఈస్టు. దానితో ప్రమాదం లేదు కానీ, వదిలేస్తే పులుపును తినేసి రుచి చెడగొడుతుంది. రోజూ శుభ్రమైన గరిటెతో తీసేసి, సీసా అంచులు తుడవాలి. నూగు నూగుగా, పచ్చగా, నల్లగా లేచినది బూజు. పైపైన తీసేసి కింది ముక్కలు తినడం కొందరి అలవాటు. ఇంట్లో అది వద్దు, సీసా అంతా పారేయాలి. ముక్కలు గులాబీ రంగుకు తిరిగితే ఉప్పు ఒకచోట ఎక్కువై ఈస్టులు పెరిగాయని అర్థం. అదీ పారేయాల్సిందే. ఊట జిగురుగా సాగడం క్యారెట్ ఎక్కువైన సీసాల్లో, వేడి రోజుల్లో కనిపిస్తుంది. క్యారెట్ చక్కెర నుంచి తొలి బ్యాక్టీరియా చేసిన జిగురు అది. దానికి మెత్తదనం, చెడు వాసన తోడైతే మాత్రం ఆలోచించకుండా వదిలించుకోవాలి.

ఎండాకాలం వేరే లెక్క

సావర్‌క్రౌట్‌కు ఇష్టమైన వేడి 18 నుంచి 22 డిగ్రీలు. అమెరికా ప్రభుత్వ సూచనల ప్రకారం 21 నుంచి 24 డిగ్రీల్లో అది సిద్ధమవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. 24 దాటితే మెత్తబడొచ్చని అవే హెచ్చరిస్తాయి. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్ ఇళ్లు ఆ హద్దులకు దగ్గరగా ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ, రామగుండం ఇళ్లలో మధ్యాహ్నం గది వేడి 35 దాటుతుంది. అప్పుడు తొలి బ్యాక్టీరియాకు అవకాశమే ఉండదు. వేడికి తట్టుకునే రకాలు ఒక్కసారిగా విజృంభించి రెండు మూడు రోజుల్లో పులుపు ముదిరిపోతుంది. వాసనలో మునుపటి పరిమళం ఉండదు, ముక్క కరకర పోతుంది.

చలికాలంలోనే చేసుకోవడం ఉత్తమం. ఎండల్లో తప్పదనుకుంటే అదే 1500 గ్రాముల సీసాకు ఉప్పును మూడు శాతానికి, అంటే 45 గ్రాములకు పెంచాలి. ఎక్కువ ఉప్పు పులియడాన్ని నెమ్మది చేస్తుంది, ముక్క బిగువును కాపాడుతుంది. సీసాను నీళ్ల పళ్లెంలో నిలబెట్టి తడిగుడ్డ చుడితే తెలంగాణ పొడి గాలిలో కాస్త చల్లబడుతుంది. కోస్తా ఉక్కపోతలో దీనివల్ల పెద్ద ప్రయోజనం ఉండదు. మూడోరోజు నుంచి రోజూ రుచి చూసి, పులుపు సరిపడగానే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. అక్కడ కూడా పులియడం పూర్తిగా ఆగదు, చాలా నెమ్మదిస్తుంది. చలికాలపు సీసాను రెండో వారం నుంచి రుచి చూడటం మొదలుపెట్టి, నాలుగో వారంలోపు ఎవరికి నచ్చిన పులుపు దగ్గర వారు ఆపుకోవచ్చు.

తినేటప్పుడు పెరుగన్నంలో నంజుకోవడానికి ఇది బాగా కుదురుతుంది. తాలింపు ఇష్టపడేవారు ఆవాలు, ఎండుమిర్చి వేయించి చల్లారనిచ్చి కలపాలి. వేడివేడి నూనె పోస్తే బ్యాక్టీరియా చనిపోతుంది. రుచికి లోటు లేకపోయినా, బతికున్న బ్యాక్టీరియా కోసం తినేవారికి ఆ ప్రయోజనం దక్కదు. రెండున్నర శాతం సీసా నుంచి 30 గ్రాములు వడ్డించుకుంటే ముప్పావు గ్రాము ఉప్పు లోపలికి పోతుంది. రోజుకు ఐదు గ్రాములకు మించి ఉప్పు తినొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కాబట్టి, రక్తపోటు ఉన్నవారు ఆ లెక్కలో దీన్నీ కలుపుకోవాలి. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు డాక్టర్ని అడిగి తినాలి.

సీసాలో ముక్కలు తగ్గేకొద్దీ మిగిలినవి మునిగే ఉన్నాయో లేదో చూసుకుంటుండాలి. తడి చెంచా, ఎంగిలి చెంచా పెట్టకూడదు. అడుగున మిగిలిన ఊటను రష్యాలో చారులో పోస్తారు. మన చారులోనూ చింతపండు తగ్గించి పోయొచ్చు, ఉప్పు మాత్రం ఆఖరున చూసి వేసుకోవాలి. పెరుగు తోడు పెట్టినట్టు ఆ పాత ఊటను కొత్త సీసాలో పోస్తే త్వరగా పులుస్తుందన్న ఆలోచన సహజంగా వస్తుంది. పులుస్తుంది కూడా. కానీ పాత ఊటలో ఉండేది చివరి దశ బ్యాక్టీరియా. దాని పులుపు మొదటిరోజు నుంచే ఉండటంతో ల్యూకోనోస్టాక్ తలెత్తదు, దానివల్ల వచ్చే సువాసన రాదు. కొత్త సీసాకు కొత్త క్యాబేజీ, కొత్త ఉప్పునీళ్లు చాలు.